పిల్లల ఎదుగుదల చార్ట్ చదువుదాం – 4వ పాఠం: అమ్మానాన్నల ఎత్తు నుంచి పిల్లల ఎత్తు

పోయిన పాఠంలో పిల్లల ఎత్తును గ్రోత్ చార్ట్ మీద చుక్కగా పెట్టడం నేర్చుకున్నాం. హోంవర్క్‌లో ఇచ్చిన 11 ఏళ్ల బాబు ఎత్తు 136.5 సెంటీమీటర్లు. డబ్ల్యూహెచ్ఓ చార్ట్‌లో ఆ చుక్క 15వ పర్సెంటైల్ గీత దగ్గర పడాలి, అంటే ఆ వయసు అబ్బాయిల్లో 100 మందికి 15 మంది ఆ గీత కంటే పొట్టిగా ఉంటారు. మీకూ అక్కడే పడితే ముందుకు వెళ్దాం. వాడి చెల్లికి 9 ఏళ్లు, ఎత్తు 118. ఆ చుక్క అన్నిటికంటే కింద ఉన్న 3వ పర్సెంటైల్ గీతకు ఇంకా దిగువన పడుతుంది.

ఈ ఇద్దరినీ ఈ పాఠమంతా వెంటబెట్టుకుని వెళ్దాం. వాళ్ళ అమ్మకు టెన్షన్ బాబు గురించే. క్లాసులో లైను కడితే వాడు ముందు వరసలో నిలబడతాడు. పాప గురించి ఎవరికీ బెంగ లేదు. బొద్దుగా, చిన్నగా ఉంటుంది కాబట్టి అందరూ ముద్దు చేస్తారు. ఎవరి గురించి బెంగ పడాలో చార్ట్ మీది చుక్క ఒక్కటే చెప్పదు. ఈ ఇంట్లో పుట్టిన పిల్లలు మామూలుగా ఎంత ఎత్తుకు చేరతారో కూడా తెలియాలి. దాన్నే టార్గెట్ హైట్ అంటారు.

లెక్క రెండు వరసలే:

```
అబ్బాయి = (నాన్న ఎత్తు + అమ్మ ఎత్తు + 13) ÷ 2
అమ్మాయి = (నాన్న ఎత్తు + అమ్మ ఎత్తు − 13) ÷ 2
```

అన్నీ సెంటీమీటర్లలోనే. 1970లో ఇంగ్లండ్‌లో పిల్లల ఎదుగుదల నిపుణుడు టానర్, ఆయన తోటివాళ్ళు పిల్లల ఎత్తును అమ్మానాన్నల ఎత్తుతో కలిపి చూసే పద్ధతిని ఇచ్చారు. ఈ సూత్రం అక్కడి నుంచే వాడుకలోకి వచ్చింది.

13 ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే సూత్రాన్ని బట్టీ పట్టక్కర్లేదు. పెద్దయ్యాక మగవాళ్ళ సగటు ఎత్తుకూ ఆడవాళ్ళ సగటు ఎత్తుకూ తేడా దాదాపు 13 సెంటీమీటర్లు. డబ్ల్యూహెచ్ఓ చార్ట్‌లోనే చూడండి. 19 ఏళ్లకు అబ్బాయిల మధ్య గీత 176.5, అమ్మాయిలది 163.2. తేడా 13.3. అంటే అమ్మ మగవాడిగా పుట్టి ఉంటే ఎంత ఎత్తు ఉండేదో ఊహించడానికి ఆమె ఎత్తుకు 13 కలుపుతున్నాం. దానికీ నాన్న ఎత్తుకూ సగటు తీస్తే కొడుకు టార్గెట్ వస్తుంది. కూతురికి అదే తిరగేసి, నాన్న ఎత్తులోంచి 13 తీసేసి అమ్మ ఎత్తుతో సగటు కడతాం. ఇది అర్థమైతే చాలామంది చేసే ఒక తప్పు మీరు చేయరు. వాళ్ళు ముందే ఇద్దరి ఎత్తుకూ సగటు తీసి, దానికి 13 కలుపుతారు. సగటు తీశాక కలపాల్సింది 6.5 మాత్రమే.

ఇక మన ఇంటి లెక్క. నాన్న ఎంత అంటే “5.8” అన్నారు, అమ్మ “5.2”. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ లెక్కలో నేను చూసిన తప్పుల్లో ఎక్కువ ఇక్కడే పుడతాయి. మనం 5.8 అని రాసేది 5 అడుగుల 8 అంగుళాల కోసం. కాలిక్యులేటర్‌కు అది తెలియదు. అది చుక్కను దశాంశంగానే తీసుకుని 5.8ని 30.48తో గుణించి 176.8 అంటుంది. నిజానికి 5 అడుగుల 8 అంగుళాలంటే 68 అంగుళాలు, 2.54తో గుణిస్తే 172.7. ఒక్క చుక్క వల్ల నాన్న 4 సెంటీమీటర్లు పెరిగిపోయాడు. 5 అడుగుల 10 అంగుళాలను 5.10 అని కొడితే ఇంకా ఘోరం. అది 5.1 అయిపోయి మనిషి 155కు కుంగిపోతాడు. అందుకే ముందు మొత్తం అంగుళాల్లోకి మార్చి, తర్వాతే 2.54తో గుణించండి.

రెండో తిరకాసు, ఆ 5.8 అనేది ఎక్కడిది? చాలా ఇళ్లలో అది పెళ్లిచూపుల నాటి బయోడేటాలోని ఎత్తు. ఆ కాగితం మీద ఎవరూ ఒక అంగుళం తక్కువ రాసుకోరు. మా ఇంట్లోనూ అంతే. నా ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలని ఇరవై ఏళ్లు చెప్పుకుని తిరిగాను, గోడకు నిలబెట్టి కొలిస్తే ఆరుంపావు దగ్గర ఆగింది. కాబట్టి అమ్మనూ నాన్ననూ 2వ పాఠంలో చెప్పినట్టే కొలవండి. చెప్పులు తీసేసి, మడమలు గోడకు ఆనించి, చూపు నేరుగా ఉంచి, తల మీద గట్టి అట్ట పుస్తకాన్ని గోడకు లంబంగా ఆనించాలి. వీలైతే పొద్దున్నే కొలవండి, సాయంత్రానికి వెన్నెముక కుదించుకుని మనిషి సుమారు ఒక సెంటీమీటర్ తగ్గుతాడు.

అలా కొలిస్తే నాన్న 170.5, అమ్మ 155.5 వచ్చారు.

```
బాబు: (170.5 + 155.5 + 13) ÷ 2 = 339 ÷ 2 = 169.5
పాప:  (170.5 + 155.5 − 13) ÷ 2 = 313 ÷ 2 = 156.5
```

5.8, 5.2 అని నేరుగా కాలిక్యులేటర్‌లో కొట్టి ఉంటే బాబు టార్గెట్ 174 దాటేది. నాలుగున్నర సెంటీమీటర్లు గాల్లోంచి వచ్చేవి.

బాబుకు 169.5 అనగానే “అంటే ఐదున్నర అడుగుల పైన, చాలు” అని అమ్మ స్థిమితపడింది. ఇంకా కాదు. ఒకే అమ్మానాన్నలకు పుట్టిన అన్నదమ్ములు ఒకే ఎత్తు ఉండరు కదా. అందుకే టార్గెట్‌కు ఇటూ అటూ 8.5 సెంటీమీటర్లు వదులుతారు. అబ్బాయిలకు 10 వదిలే డాక్టర్లూ ఉన్నారు. 8.5 తీసుకుంటే బాబు 161 నుంచి 178 దాకా, పాప 148 నుంచి 165 దాకా ఎక్కడైనా ఆగవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో 100 మందికి దాదాపు 95 మంది ఈ హద్దుల్లో ఉంటారు. బాబు హద్దు అడుగుల్లో చెప్పాలంటే 5 అడుగుల మూడున్నర నుంచి 5 అడుగుల 10 దాకా. ఇంత వెడల్పు సమాధానాన్ని జోస్యం అనుకుంటే నిరాశే మిగులుతుంది. దీని అసలు ఉపయోగం వేరే ఉంది.

చార్ట్ తీయండి. అబ్బాయిల చార్ట్‌లో కుడి చివర, 19 ఏళ్ల దగ్గర 169.5కు ఎదురుగా చిన్న గీత పెట్టండి. అది 15వ పర్సెంటైల్ గీతకు ఒక పిసరు పైన పడుతుంది. ఇప్పుడు 11 ఏళ్ల దగ్గరున్న బాబు చుక్కను చూడండి. అదీ 15వ గీత దగ్గరే ఉంది. వాడు పొట్టివాడు కాదు, తన ఇంటి దారిలోనే నడుస్తున్నాడు.

అమ్మాయిల చార్ట్‌లో 156.5 కూడా 15వ గీత మీదే పడుతుంది. పాప చుక్క మాత్రం 3వ గీత కింద ఉంది. టార్గెట్ ఒక దారిలో ఉంటే పిల్ల ఇంకో దారిలో ఉంది. పైగా గత ఏడాది పాప పెరిగింది 3 సెంటీమీటర్లే అని అమ్మ నోట్‌బుక్‌లో ఉంది. ఈ వయసులో ఏడాదికి 5 దాకా పెరగాలి. డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సింది బాబు కాదు, పాప. థైరాయిడ్ తగ్గినా ఎదుగుదల ఇలాగే మందగించి పిల్ల బొద్దుగా కనిపిస్తుంది. ఎత్తు తక్కువున్న ఆడపిల్లల్లో టర్నర్ సిండ్రోమ్ అనే, ఎక్స్ క్రోమోజోమ్ లోపం వల్ల వచ్చే సమస్య ఉందేమో చూడటానికి క్రోమోజోమ్ పరీక్ష కూడా చేయిస్తారు.

మన దగ్గర పిల్లల డాక్టర్లు 5 ఏళ్లు దాటాక సాధారణంగా ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ళ ఐఏపీ 2015 చార్ట్ వాడతారు. అందులో గీతలు వేరే చోట ఉంటాయి, పర్సెంటైల్ మారుతుంది. మీరు ఏది వాడినా పర్వాలేదు కానీ పిల్లల చుక్క, టార్గెట్ గీత రెండూ ఒకే చార్ట్ మీద పెట్టండి.

సూత్రం తడబడే చోట్లు కొన్ని ఉన్నాయి. అమ్మానాన్నలిద్దరూ బాగా పొడుగైతేనో, బాగా పొట్టి అయితేనో పిల్లలు సగటు వైపు కొంత జరుగుతారు. ఇది 1886లోనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త గాల్టన్ 205 కుటుంబాల్లో 928 మంది పెద్దయిన పిల్లల ఎత్తులు చూసి చెప్పాడు. అమ్మానాన్నలు సగటుకు ఎంత దూరంలో ఉంటే, పిల్లలు దాదాపు అందులో మూడింట రెండు వంతుల దూరంలోనే ఉన్నారు. 2003లో హెర్మనుసెన్, కోల్ అనే పరిశోధకులు ఈ సవరణకు 0.72 అనే గుణకం ఇచ్చారు. వాళ్ళ లెక్క వేరే కొలమానంలో ఉంటుంది, ఇంట్లో ఉజ్జాయింపుగా ఇలా చేయొచ్చు. నాన్న 158, అమ్మ 145 అనుకుందాం. కొడుకు టార్గెట్ 158 వస్తుంది. మగవాళ్ళ సగటు 170 అనుకుంటే అది 12 తక్కువ. 12ను 0.72తో గుణిస్తే 8.6. కాబట్టి 158 బదులు 161 చిల్లర అనుకోవడం సబబు.

దీనికంటే ప్రమాదకరమైనది ఇంకోటి. “వాళ్ళ నాన్న పొట్టే కదా, వీడూ అంతే” అనే మాట. నాన్న ఎందుకు పొట్టి? చిన్నప్పుడు సరైన తిండి లేకో, ఏళ్ల తరబడి జబ్బు చేసో ఎదుగుదల ఆగిపోయి ఉంటే ఆయన ఎత్తు ఆయన జన్యువులది కాదు. ఆ ఎత్తుతో కట్టిన టార్గెట్ తక్కువగా వస్తుంది, అందులో పిల్లవాడి సమస్య దాక్కుంటుంది. నాన్నకు ఎముకల ఎదుగుదల జబ్బేదైనా ఉండి, అది కొడుక్కీ వచ్చి ఉంటే ఇంకా తిరకాసు. లెక్క చక్కగా సరిపోతుంది, జబ్బు మాత్రం బయటపడదు. అందుకే అమ్మానాన్నల్లో ఒకరు వాళ్ళ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల కంటే మరీ పొట్టిగా ఉంటే టార్గెట్‌ను నమ్ముకోకండి. పిల్లవాడు ఏడాదికి ఎంత పెరుగుతున్నాడో దాన్నే చూడండి.

ఈ సూత్రం పిల్లవాడిని అసలు చూడదని గమనించారా? అమ్మానాన్నల ఎత్తులే దాని సరుకు. పిల్లవాడి ఎముకల వయసు ఎంతో, ఇంకా ఎంత పెరిగే చోటు మిగిలి ఉందో అడగదు. అది ఎడమ చేతి ఎక్స్‌రే చెబుతుంది, 5వ పాఠం దాని మీదే.

హోంవర్క్: నాన్న 5 అడుగుల 5 అంగుళాలు, అమ్మ 4 అడుగుల 11 అంగుళాలు, ఇద్దరినీ గోడకు నిలబెట్టి కొలిచినవే. వాళ్ళ కూతురి టార్గెట్, దాని హద్దులు కట్టండి. తర్వాత ఆ గీతను అమ్మాయిల చార్ట్‌లో 19 ఏళ్ల దగ్గర పెట్టి, అది 3వ గీతకు పైన పడిందో, దాని మీదే పడిందో, కింద పడిందో రాసి ఉంచండి.