ఉతికాక కుర్తా కురచైపోతోందా? గుడ్డ ఎంత ఎక్కువ కొనాలి, కుట్టేముందు ఎలా తడపాలి

సమస్య: మొదటి ఉతుకుకే పొడవు రెండంగుళాలు తగ్గింది, చుట్టుకొలత మాత్రం దాదాపు అలాగే ఉంది

తప్పు టైలర్‌ది కాదు, పడుగుది, అంటే గుడ్డ పొడవునా ఉండే పోగులది. మగ్గం మీద పడుగు పోగుల్ని బిగదీసి, గంజి పెట్టి నేస్తారు. ఆ బిగువు అలాగే ఎండి గుడ్డలో ఉండిపోతుంది. నీళ్లు తగలగానే గంజి వదులుతుంది, పోగు ఉబ్బుతుంది, అడ్డంగా ఉండే పేక పోగు చుట్టూ మరింత వంపు తిరుగుతుంది. దాంతో పొడవు తగ్గుతుంది. పేకకు అంత బిగువు ఉండదు కాబట్టి పన్నా తక్కువగా కుదించుకుపోతుంది.

మంగళగిరి నూలు గుడ్డతో 44 అంగుళాల కుర్తా కుట్టించాలనుకుందాం. మడతలు, కుట్లు కలిపి ముందు భాగానికి 46, వెనక్కి 46, పక్కపక్కన పరిచే చేతులకు 18. మొత్తం 110 అంగుళాలు, అంటే సుమారు 2.8 మీటర్లు. చేనేత నూలుకైతే మీటరుకు 10 సెంటీమీటర్లు ఎక్కువ తీసుకోండి. ఇక్కడ 3.1 మీటర్లు, అంటే 122 అంగుళాలు అవుతుంది. మామూలు మిల్లు నూలుకు మీటరుకు 5 సెంటీమీటర్లు చాలు. రేయాన్‌ను చేనేతలాగే లెక్కేయండి. పాలిస్టర్‌కు ఈ లెక్క అక్కర్లేదు.

ఇంటికి తెచ్చాక అంచు వెంట 20 అంగుళాలు, అడ్డంగా 20 అంగుళాలు కొలిచి, రంగు దారంతో గుర్తు కుట్టండి. పెన్ను గీత ఉతికితే పోవచ్చు, పోకపోతే మరక మిగులుతుంది. ఉతికి ఇస్త్రీ చేశాక పొడవు 18.75కు, అడ్డం 19.5కు వచ్చాయనుకోండి. అప్పుడు 122 అంగుళాల గుడ్డ 114 అవుతుంది. 110 కావాలి కాబట్టి సరిపోయింది. 44 అంగుళాల పన్నా మాత్రం 43కు దిగుతుంది. పొడవు ఎంత ఎక్కువ కొన్నా పన్నా పెరగదు. కాబట్టి ఘేరా ఎక్కువ ఉన్న డిజైన్‌కు కొనేటప్పుడే పన్నా చూసుకోవాలి.

సమస్య: ముందే తడిపి కుట్టించినా మళ్లీ కురచైంది

ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. కొన్న మడత కొన్నట్టే బకెట్లో ముంచి, పిండి ఆరేస్తారు. గంజి గట్టిగా ఉన్న గుడ్డలోకి నీరు వెంటనే దిగదు. పైపొర తడిసినా లోపలి మడతలు పొడిగానే ఉంటాయి.

ముందు కోసిన రెండు కొనలకూ ఓవర్‌లాక్ చేయించండి, లేదా పెద్ద కుట్టు వేయండి. లేకపోతే పోగులు ఊడి ఒక అంగుళం వృథా అవుతుంది. గుడ్డను విప్పి, పెద్ద టబ్బులో వదులుగా, పూర్తిగా నీళ్లలో మునిగేలా వేయండి. చేత్తో అదుముతూ గాలి బుడగలు రాకుండా అయ్యేదాకా ఉంచండి. తర్వాత కొద్దిపాటి సబ్బుతో, రేపు ఆ బట్టను ఎలా ఉతుకుతారో అలాగే ఉతకండి. మెషీన్‌లో వేసే బట్టైతే ఇప్పుడే మెషీన్‌లో వేయాలి, వేడినీళ్లు వాడేవాళ్లు ఇప్పుడే వేడినీళ్లు వాడాలి. చన్నీళ్లలో తడిపిన గుడ్డ వేడినీళ్లలో మళ్లీ కొంత కుదించుకుపోవచ్చు. రంగు దిగుతుందేమోనని అనుమానముంటే విడిగా ఉతకండి. కల్లుప్పు వేస్తే రంగు నిలుస్తుందన్నది నమ్మదగ్గ మాట కాదు.

పిండకుండా నీళ్లు వార్చండి. ఒక కొన పట్టి వేలాడదీస్తే తడి బరువుకు పడుగు మళ్లీ సాగి, కురచైన సంగతే తెలియదు. రెండు తాళ్ల మీద పరిచి నీడన ఆరేయండి. కాస్త చెమ్మ ఉండగా ఇస్త్రీ చేయండి, పెట్టెను ఈడ్వకుండా ఎత్తి ఎత్తి అద్దండి. లాగి చేసిన ఇస్త్రీ వచ్చే ఉతుకులో వెనక్కి వెళ్లిపోతుంది.

చేనేత గుడ్డను రెండోసారి కూడా ఉతకండి. మొదటిసారి 20 అంగుళాల గుర్తు 19కి వచ్చి, రెండోసారి 18.75కు వస్తే ఇక పెద్దగా తగ్గదు. రెండోసారీ అర అంగుళం తగ్గితే మూడోసారి తడపాల్సిందే.

సమస్య: పైగుడ్డ బాగానే ఉంది, లోపలి లైనింగ్ లాగేసి ముడతలు వస్తున్నాయి

పైగుడ్డను తడిపి లైనింగ్‌ను వదిలేశారన్నమాట. చవక లైనింగ్ నూలు పైగుడ్డ కంటే ఎక్కువే కుదించుకుపోవచ్చు. దాన్నీ విడిగా ఉతికి ఇవ్వాలి, మీటరుకు 10 సెంటీమీటర్లు ఎక్కువే కొనాలి. ఇప్పటికే కుట్టేసిన కుర్తా అయితే కింది అంచు దగ్గర రెండింటినీ కలిపిన కుట్టు విప్పి, లైనింగ్‌ను వదులుగా వేలాడనివ్వండి. జాకెట్టులో ఇది కుదరదు, లైనింగ్ మార్చడమే దారి.

సమస్య: ఉతికాక గుడ్డ ఒక మూలకు వంకరగా పోయింది

పేక అడ్డంగా తిన్నగా లేదు. చెమ్మగా ఉన్నప్పుడే ఇద్దరు కురచగా ఉన్న ఎదురెదురు మూలలు పట్టుకుని, ఐమూలగా లాగండి. అంచు, పేక ఒకదానికొకటి లంబకోణంలోకి వచ్చాక ఆరేయండి. ఆరాక లాగితే లాభం లేదు.

పట్టు, జరీ ఉన్నవాటికి ఈ పద్ధతి పనికిరాదు. వాటిని నీళ్లలో వేయకుండా డ్రైక్లీనింగ్‌కే ఇస్తారు కాబట్టి తడపనక్కర్లేదు, లైనింగ్‌ను మాత్రం తడపండి. ఇప్పటికే కురచైన కుర్తాకు మిగిలింది కింది మడతే. లోపల అంగుళమున్నర ఉంటే అంగుళం దాకా దించవచ్చు. తడిపి లాగి ఇస్త్రీ చేస్తే వచ్చిన పొడవు మళ్లీ ఉతికేదాకే.