నోరు తెరిస్తే మౌత్‌గార్డ్ జారిపోతుంటే: సమస్య, కారణం, పరిష్కారం

సమస్య

గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో సాధన చేసే పదిహేనేళ్ల కబడ్డీ రైడర్‌ను గత వేసవిలో వాళ్ల నాన్నగారు నా క్లినిక్‌కు తీసుకువచ్చారు. ఆ అబ్బాయి వాడుతున్నది దుకాణంలో కొన్న మౌత్‌గార్డ్, అంటే వేడినీళ్లలో మెత్తబరచి, నోట్లో పెట్టుకుని కొరికి అమర్చుకునే రకం. కూత పెట్టడానికి నోరు తెరిచిన ప్రతిసారీ అది పై పళ్ల నుంచి జారి నాలుక మీద పడుతోంది. పడకుండా పళ్లతో కరిచి పట్టుకుంటే కూత స్పష్టంగా రాదు, ప్రత్యర్థి కోర్టులో కూత ఆగితే రైడర్ ఔటవుతాడు. అందుకని వాడు రైడ్‌కు వెళ్లే ముందు దాన్ని తీసి సాక్సులో దోపుకుంటున్నాడు. దెబ్బ తగిలే అవకాశం ఎక్కువగా ఉన్న క్షణంలోనే పళ్లకు రక్షణ లేకుండా పోతోందన్నమాట.

కారణం

ఇలాంటప్పుడు కొత్తది కొనే ముందు పాతదాని లోపలి వైపు వెలుతురులో చూడాలి, ఎందుకంటే ఎక్కడ పొరపాటు జరిగిందో ఆ అచ్చే చెబుతుంది. పళ్ల గుర్తులు అన్నిచోట్లా పైపైనే ఉంటే అది సరిగా మెత్తబడలేదని, లేదా నోట్లో పెట్టేలోపే చల్లారిపోయిందని అర్థం. ఈ అబ్బాయి మౌత్‌గార్డ్‌లో కొరికిన చోట గుంటలు లోతుగా ఉన్నాయి కానీ, పెదవి వైపు గోడ మీద పళ్ల ఆకారమే పడలేదు. గట్టిగా కొరికాడు, బయటినుంచి వేళ్లతో నొక్కలేదు. మౌత్‌గార్డ్‌ను పట్టి ఉంచేది కొరకడం కాదు, పంటి వంపులకూ చిగురు అంచుకూ దాని గోడ అతుక్కోవడం.

గట్టిగా కొరకడం వల్ల ఇంకో నష్టం కూడా జరిగింది. దవడ పళ్ల కింద పదార్థం పక్కలకు జరిగిపోయి, అవతల పెట్టిన వేలి నీడ కనిపించేంత పలుచబడింది. ముందు పళ్ల బయటి వైపున సుమారు 3 మిల్లీమీటర్ల మందం, కొరికే చోట కనీసం 2 మిల్లీమీటర్లయినా ఉంటేనే అది దెబ్బను తట్టుకుంటుంది. పలుచబడినదాన్ని మళ్లీ వేడిచేసినా పోయిన మందం తిరిగి రాదు కాబట్టి, అది పారేసి కొత్తది తెమ్మన్నాను.

పరిష్కారం

నీళ్లు మరిగాక పొయ్యి ఆపి, ప్యాకెట్ మీద రాసిన సమయం పాటు మాత్రమే మౌత్‌గార్డ్‌ను ముంచాలి. ఈ సమయం రకాన్ని బట్టి మారుతుంది కనుక ఇంకొకరి లెక్కను అనుసరించకూడదు. గరిటెతో బయటికి తీసి, నోరు కాలకుండా ఒక్క క్షణం చల్లటి నీళ్లలో ముంచి, అద్దం ముందు నిలబడి పై పళ్లకు మధ్య గీత కలిసేలా పెట్టుకోవాలి. పళ్లు మెల్లగా ఆనేంత వరకే కొరికి, లోపలి గాలినీ నీటినీ గట్టిగా పీల్చి మింగుతూ, పెదవుల మీదా బుగ్గల మీదా వేళ్లతో చిగుళ్ల వైపు నొక్కాలి. లోపలినుంచి నాలుకను అంగిటికి వేసి ఒత్తాలి. అర నిమిషం తరువాత తీసి చల్లటి నీళ్లలో ఉంచితే ఆకారం నిలుస్తుంది. నోరు బాగా తెరిచినా జారకుండా ఉండి, ఒకే ఊపిరిలో కూత తడబడకుండా వస్తే అమరినట్టు. వాంతి వచ్చినట్టుంటే వెనుక చివర్లు పొడవుగా ఉన్నాయని గ్రహించి కత్తెరతో కొద్దికొద్దిగా కత్తిరించవచ్చు, అయితే మొదటి పెద్ద దవడ పన్ను కప్పబడే ఉండాలి.

రెండుసార్లు ఇలా చేసినా నిలవకపోతే, లేదా పళ్లు ఎగుడుదిగుడుగా ఉంటే, దంతవైద్యుని చేత చేయించుకోవడమే మేలని నా అభిప్రాయం. అందులో పళ్ల అచ్చు తీసి, రాతిపొడితో నమూనా పోసి, వేడిచేసిన షీటును దాని మీద అదుముతారు. షీటు సాగేటప్పుడు పలుచబడుతుంది కాబట్టి రెండు పొరలుగా చేయమని ముందే అడగాలి. పళ్లకు క్లిప్పులు ఉన్న పిల్లలకు మాత్రం కొరికి అమర్చే రకం వద్దు, మెత్తబడిన పదార్థం బ్రాకెట్లలో చిక్కుకుంటుంది.

మొదట బాగా ఉండి తరువాత వదులైతే కారణం చాలావరకు వేడి. విజయవాడ ఎండలో నిలిపిన స్కూటర్ డిక్కీలో, కారు అద్దం దగ్గర పెడితే దాని ఆకారం మారిపోతుంది. శుభ్రం చేయడానికి కూడా వేడినీళ్లు వాడకూడదు. ఆట అయిన వెంటనే చల్లటి నీళ్లు, కొద్దిగా సబ్బు, మెత్తటి బ్రష్‌తో కడిగి, ఆరనిచ్చి, రంధ్రాలున్న డబ్బాలో పెట్టాలి.

అంచులు నమిలి చిరిగినా, పగులు కనిపించినా, వదులైనా మార్చేయాలి. పదమూడేళ్లలోపు పిల్లలకు కోరపళ్లు, రెండో దవడ పళ్లు వస్తూ ఉంటాయి కనుక రెండు మూడు నెలలకోసారి పెట్టించి చూడాలి, ఒకే పన్ను దగ్గర నొప్పి అంటే అక్కడ కొత్త పన్ను దిగుతోందేమో చూపించాలి.