వానలు మొదలయ్యేలోపు కంప్యూటర్ గడియారం చూసుకోండి

చెన్నైలో అక్టోబరు నడిమికల్లా ఈశాన్య రుతుపవనాలు వచ్చేస్తాయి. అక్కడి నుంచి డిసెంబరు దాకా ఏ రాత్రి కరెంటు పోతుందో, మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేం. వీధిలో నీళ్ళు నిలిస్తే ఈబీ వాళ్ళే ముందు లైను ఆపేస్తారు. ఇంట్లో ఆరేడేళ్ళు పైబడిన డెస్క్‌టాప్ ఉన్నవాళ్ళు ఈ లోపల చూసుకోవాల్సిన చిన్న వస్తువు ఒకటుంది. అది మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత ఉండే గుండ్రటి బ్యాటరీ. దాని మీద CR2032 అని రాసి ఉంటుంది.

కంప్యూటర్ ఆపేసినా తేదీ, సమయం పరుగెత్తుతూనే ఉండాలి కదా, ఆ గడియారాన్ని నడిపేది ఈ మూడు వోల్టుల బ్యాటరీయే. కాకపోతే ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ గడియారం ఆ కరెంటు మీదే నడిచిపోతుంది. అందుకని బ్యాటరీ అయిపోయి ఏడాది దాటినా మనకు తెలియదు. కరెంటు గంటల తరబడి పోయినప్పుడే బయటపడుతుంది. అప్పటికి బయట వాన, చేతిలో కట్టాల్సిన బిల్లు, స్క్రీన్ మీద ఎర్రటి గుర్తుతో `Your connection is not private` అన్న హెచ్చరిక.

తేదీకీ ఈ హెచ్చరికకీ సంబంధమేమిటంటే, `https` తో మొదలయ్యే ప్రతి సైటూ బ్రౌజర్‌కు ఒక సర్టిఫికెట్ చూపిస్తుంది. ఫలానా పేరు గల సైటు ఇదే అని ఒక గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన పత్రం అది. సిటీ బస్సు పాసు మీద ఉన్నట్టే దాని మీదా రెండు తేదీలుంటాయి, ఎప్పటి నుంచి చెల్లుతుంది, ఎప్పటి దాకా చెల్లుతుంది అని. కండక్టరు పాసును తన దగ్గరున్న తేదీతో సరిచూసినట్టు, బ్రౌజర్ ఆ రెండు తేదీలనూ మన కంప్యూటర్ గడియారంతో సరిచూస్తుంది. గడియారం తప్పయితే నిక్కమైన సర్టిఫికెట్ కూడా గడువు తీరిపోయినట్టో, ఇంకా మొదలే కానట్టో కనిపిస్తుంది. అప్పుడు బ్రౌజర్ ఆపేస్తుంది. దాని లెక్క ప్రకారం అది చేసింది సరైన పనే.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చింది గుర్తుందా, బాపట్ల దగ్గర తీరం దాటకముందు చెన్నైని ముంచేసిపోయింది. చూలైమేడులో ఉండే మా పిన్ని వాళ్ళ వీధిలో నాలుగో తేదీన పోయిన కరెంటు ఏడో తేదీ సాయంత్రానికి వచ్చింది. కంప్యూటర్ వేయగానే నల్లటి స్క్రీన్ మీద `CMOS checksum error` అని వచ్చి ఆగిపోయింది. బ్యాటరీ అయిపోయి మదర్‌బోర్డు తన సెట్టింగులు మరిచిపోయిందని దాని అర్థం. ప్లస్ వన్ చదివే మా తమ్ముడు, విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెటప్‌లోకి వెళ్ళి, 2012 జనవరి అని పడిపోయి ఉన్న తేదీని తీసేసి 07, 12, 2023 అని కొట్టాడు. విండోస్ తెరుచుకుంది. అంతా అయిపోయిందనుకున్నారు.

ఆ రాత్రే పిన్ని ఫోను. "ఒరేయ్, బ్యాంకు సైటు చక్కగా వస్తోంది. మెయిల్ మాత్రం తెరవనంటోంది. మందులు తెప్పించుకునే సైటూ అంతే. ఎవరైనా ఏమైనా చేశారంటావా?" అంది. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. తేదీ చూశావా పిన్నీ అంటే, చూశాను, బాగానే ఉంది అంది. స్క్రీన్ మూల ఉన్నది చదవమంటే "12-07-2023" అని చదివింది.

అప్పుడు హెచ్చరిక పేజీలో `NET::ERR_CERT_DATE_INVALID` అన్న అక్షరాల మీద క్లిక్ చేయమన్నాను. క్రోమ్‌లో అలా నొక్కితే కింద మరికొన్ని వరుసలు తెరుచుకుంటాయి. `Expires on` అన్న చోట 2024 ఫిబ్రవరి తేదీ ఉంది. దాని కింద `Current date: Jul 12, 2023`. పిన్ని ఆ వరుస చదివి ఆగిపోయింది. "జూలై ఏంట్రా, మనం డిసెంబరులో ఉంటే?"

జరిగిందేమిటంటే, ఆ సెటప్‌లో నెల ముందు, రోజు తర్వాత. తమ్ముడు మన అలవాటు ప్రకారం రోజు ముందు కొట్టాడు. డిసెంబరు 7 కాస్తా జూలై 12 అయి కూర్చుంది. మూల కనిపించే అంకెలు చూస్తే పన్నెండో నెల, ఏడో తేదీ అని ఎవరికైనా అనిపిస్తుంది. నెల పేరు అక్షరాల్లో చూస్తే తప్ప దొరకని తప్పు ఇది.

మరి బ్యాంకు సైటు ఎలా తెరుచుకుంది? ఆ సర్టిఫికెట్ ఆ ఏడాది ఫిబ్రవరిలో మొదలై మరుసటి మార్చి దాకా చెల్లేది. జూలై అయినా డిసెంబరు అయినా దాని గడువులోనే పడుతుంది. మెయిల్ సర్టిఫికెట్ నవంబరు 20న మొదలైంది, గడువు 90 రోజులు. జూలైలో ఉన్న కంప్యూటర్‌కు అది ఇంకా పుట్టనే లేదు. అందుకే కొన్ని సైట్లు వచ్చి, కొన్ని రాకపోతే "గడియారం తప్పయితే అన్నీ ఆగాలి కదా" అని గడియారాన్ని వదిలేయకండి.

పైగా ఆ గడువులు ఇప్పుడు ఇంకా తగ్గుతున్నాయి. ఇదివరకు సర్టిఫికెట్‌కు ఎక్కువలో ఎక్కువ 398 రోజులు ఉండేవి. 2026 మార్చి 15 నుంచి అది 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100, 2029 మార్చి 15 నుంచి 47. అంటే గడియారం ఒకటి రెండు నెలలు తప్పినా చాలు, బ్యాంకు సైటుతో సహా ఆగిపోయే రోజులు వస్తున్నాయి.

ఇక్కడ నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. పని తొందరలో `Advanced` నొక్కి, దాని కింద `Proceed` నొక్కి లోపలికి వెళ్ళిపోకండి. ఆ దారి మూసేసిన సైట్లు చాలా ఉన్నాయి, వాటిలో ఆ లింకే కనిపించదు. కనిపించిన చోట కూడా పాస్‌వర్డు, కార్డు నంబరు కొట్టవద్దు. పది సైట్లకు అలా నొక్కడం అలవాటైతే, పదకొండోది నిజంగా దొంగ సైటు అయినా చెయ్యి ఆగదు.

దీనికంటే ప్రమాదమైనది, హెచ్చరికే రాని సందర్భం. పిన్ని కంప్యూటర్ జూలైలో ఉండగా, సెప్టెంబరులో గడువు తీరిన సర్టిఫికెట్ ఎదురైతే బ్రౌజర్ దాన్ని నిశ్చింతగా ఒప్పుకునేది. పాత సర్టిఫికెట్‌కు జతగా సైటు వాళ్ళు దాచుకునే రహస్య తాళంచెవిని దొంగిలించినవాడికి కావలసింది సరిగ్గా అదే. ట్రయల్ సాఫ్ట్‌వేర్ ఇంకో నెల నడవాలనో, గడువు తీరిన ఏదో సైటు తెరుచుకోవాలనో కావాలని తేదీ వెనక్కి తిప్పేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

కరెంటు వచ్చాక చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. బ్రౌజర్ తెరవకముందే మూల ఉన్న గడియారం మీద నొక్కి నెల పేరు, సంవత్సరం చదవండి. తప్పుగా ఉంటే ముందు చేత్తో సరిచేయండి, ఆ తర్వాతే `Sync now` నొక్కండి. ఈ వరుస ఎందుకంటే, తేడా 15 గంటలు దాటితే విండోస్ ఇంటర్నెట్ సమయాన్ని చూసి కూడా తనంతట తాను మార్చుకోకపోవచ్చు, పిన్ని ఇంట్లో అదే జరిగింది. విండోస్ 10, 11లో ఈ బటన్ `Settings` లో `Time & language`, అందులో `Date & time` దగ్గర ఉంటుంది. తర్వాత బ్రౌజర్ మూసి మళ్ళీ తెరవండి. ఒక్కోసారి క్రోమ్ తనే `Your clock is behind` అని సూటిగా చెప్పేస్తుంది, అప్పుడు వెతుకులాట అక్కర్లేదు.

విండోస్ కొత్తగా వేయించుకున్నవాళ్ళు టైమ్ జోన్ కూడా చూసుకోండి. అది అమెరికా పసిఫిక్ మీద ఉండగా, గంటలు మాత్రం మనవి కొట్టేస్తే గడియారం చూపుకు సరిగ్గా ఉంటుంది, లోపల లెక్క చలికాలంలో పదమూడున్నర గంటలు ముందుకు పోతుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొడితే `India Standard Time` అని రావాలి.

```
tzutil /g
```

తేదీ, జోన్ రెండూ సరిగ్గా ఉండి ఒక్క సైటే ఆగితే, అదే సైటును ఫోనులో మొబైల్ డేటా మీద తెరిచి చూడండి. అక్కడా ఇదే హెచ్చరిక వస్తే ఆ సైటు వాళ్ళే సర్టిఫికెట్ మార్చుకోలేదు, వాళ్ళు సరిచేసేదాకా ఆగాలి. ఇక పేజీలో `NET::ERR_CERT_AUTHORITY_INVALID` అని కానీ `NET::ERR_CERT_COMMON_NAME_INVALID` అని కానీ ఉంటే గోల గడియారానిది కాకపోవచ్చు. ముఖ్యంగా హోటల్, మాల్ వైఫైల మీద అలా వస్తే అక్కడితో ఆపేయండి.

బ్యాటరీ సంగతి సెప్టెంబరులోనే తేల్చుకోవచ్చు. తేదీ సరిచేసి, కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, ప్లగ్గు గోడ నుంచి పీకేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున ఇంటర్నెట్ తగిలించకుండా వేసి చూడండి. తేదీ వెనక్కి పోయినా, గంటలు తప్పినా బ్యాటరీ పని అయిపోయినట్టే. మార్చడం పెద్ద ఖర్చు కాదు, మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో ఏ కంప్యూటర్ కొట్లోనైనా దొరుకుతుంది. మార్చేముందు ప్లగ్గు తీసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. పక్కనున్న క్లిప్పు నెమ్మదిగా నొక్కితే పాతది పైకి లేస్తుంది. కొత్తది అక్షరాలున్న వైపు పైకి వచ్చేలా పెట్టాలి. లాప్‌టాప్ అయితే మీరు విప్పకండి, లోపల అమరిక ఒక్కో మోడల్‌కు ఒక్కో రకం.

డిస్కులో ఉన్నదంతా ఇతరులు చదవకుండా తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ మీ కంప్యూటర్‌లో ఉంటే దాని రికవరీ కీ ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. సెటప్ మొదటికి వచ్చినప్పుడు విండోస్ ఆ కీ అడగవచ్చు. తీసేసిన బ్యాటరీని బల్ల మీద వదలొద్దు. అయిపోయినదైనా సరే, చిన్నపిల్లలు మింగితే గొంతులో రెండు గంటల్లోనే కాలిన పుండు పడేంత ప్రమాదం. టేపు చుట్టి, వాళ్ళకు అందని చోట పెట్టండి. మింగారని అనుమానం వచ్చినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

కొత్తది పెట్టాక మొదటిసారి సెటప్ తేదీ అడుగుతుంది. కొట్టేముందు ఏ గడి నెలది, ఏ గడి రోజుది చూసుకోండి. విండోస్ వచ్చాక నెల పేరు ఇంకోసారి చదివి, ఆ రాత్రి మళ్ళీ ప్లగ్గు పీకి పరీక్షించండి.