తెలుగు సబ్‌టైటిల్స్ చదవనివ్వకుండా పరుగెడుతున్నాయా? సమస్యలు - పరిష్కారాలు

బరంపురం పట్టు నేత మీద ఒక వీడియో పూర్తయింది అనుకుందాం. నిడివి 18 నిమిషాలు. మగ్గం దగ్గర కూర్చున్న పెద్దాయన ఒడియాలో మాట్లాడతారు, మధ్యమధ్యలో తెలుగు దొర్లుతుంది. దానికి తెలుగు సబ్‌టైటిల్స్ వేసి, గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లోని తెలుగువాళ్లకు చూపించాలి. ఇలాంటి వీడియోల్లో ఎక్కువగా తలెత్తే సమస్యలనే ఇక్కడ తీసుకున్నాం. ఏ సమస్య వచ్చినా ముందు వీడియోను మొదట్లో, నడిమధ్యలో, చివర్లో ఆపి చూడండి. తప్పు మూడు చోట్లా ఒకేలా ఉందో లేదో తెలిస్తే కారణం సగం దొరికినట్టే.

సమస్య: తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తున్నాయి

ఏ గుర్తులు కనిపిస్తున్నాయో చూస్తే కారణం తెలిసిపోతుంది. `à°` `à±` లాంటివి వరసగా వస్తుంటే ఫైలు బాగానే ఉంది, ప్లేయరే దాన్ని తప్పుగా చదువుతోంది. అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తూ మూడు బైట్లు తీసుకుంటుంది. మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింటిలో ఏదో ఒకటి. అందుకే ఆ జంటలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. వీఎల్‌సీలో అయితే సబ్‌టైటిల్ సెట్టింగుల్లో `Default encoding`ని UTF-8కి మార్చి, వీడియోను మళ్లీ తెరవండి.

అన్నీ `?????` అయిపోతే మాత్రం ఆ ఫైలు ఇక పనికిరాదు. నోట్‌ప్యాడ్‌లో ANSI ఎంచుకుని సేవ్ చేస్తే ఇలా అవుతుంది. ఆ పద్ధతిలో తెలుగుకు చోటే లేదు కాబట్టి ప్రతి గుర్తు స్థానంలో ప్రశ్నార్థకం రాసేస్తుంది, అసలు అక్షరం పోతుంది. పాత కాపీ వెతికి, దాన్ని యూటీఎఫ్-8లో సేవ్ చేసుకోవడం ఒక్కటే దారి. చదరపు డబ్బాలు కనిపిస్తే అది ఫాంటు లేని లోపం. నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంటును ఆ కంప్యూటర్‌లో వేస్తే సరిపోతుంది.

సమస్య: మాట ఒకచోట, సబ్‌టైటిల్ ఒకచోట

మూడు చోట్ల ఆపి చూడమన్నది ముఖ్యంగా దీనికోసమే. తేడా అంతటా సమానంగా ఉంటే, ఉదాహరణకు అన్నిచోట్లా 2 సెకన్లు ముందే వస్తుంటే, ముందు పెట్టిన టైటిల్ కార్డు పొడవు మారి ఉంటుంది. సబ్‌టైటిల్ ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో `Synchronization` → `Adjust all times` తెరిచి అన్నింటినీ 2 సెకన్లు ఆలస్యంగా వచ్చేలా జరపండి.

మొదట్లో సరిగ్గా ఉండి, పోనుపోను తేడా పెరుగుతుంటే ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములన్న లెక్క, కలవలేదు. మన 18 నిమిషాల వీడియోలో పెద్దాయన మొదటి మాట 12వ సెకనులో మొదలవుతుంది, సబ్‌టైటిలూ అక్కడే వస్తుంది. చివరి మాట 17 నిమిషాల 42 సెకన్ల దగ్గర ఉంటే, సబ్‌టైటిల్ మాత్రం 17 నిమిషాల 40.95 సెకన్లకే వచ్చేస్తోంది. రెండు మాటల మధ్య దూరం 1050 సెకన్లు. సబ్‌టైటిళ్ల మధ్య దూరం 1048.95 సెకన్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.001 వస్తుంది. 30ని 29.97తో భాగించినా అదే అంకె. అంటే వీడియో 29.97 ఫ్రేములది, టైమింగ్ వేసిన సాఫ్ట్‌వేర్ దాన్ని 30గా లెక్కపెట్టింది. ఈ నిష్పత్తి 1.043 దగ్గర వస్తే 25కూ 23.976కూ మధ్య తికమక జరిగినట్టు. అప్పుడు ఇదే వీడియో చివరికొచ్చేసరికి తేడా దాదాపు ముప్పావు నిమిషం అవుతుంది.

సరిచేయడానికి ఒక్కో వరసనూ ముట్టుకోనక్కర్లేదు. `Synchronization` → `Point sync`లో మొదటి సబ్‌టైటిల్‌కూ చివరి సబ్‌టైటిల్‌కూ అసలు మాట ఎక్కడ మొదలవుతుందో చూపించండి. రెండు చోట్లు ఇస్తే మధ్యలోవన్నీ అదే నిష్పత్తిలో సర్దుకుంటాయి. ఆ తర్వాత నడిమధ్యను మళ్లీ చూడటం మర్చిపోకండి.

ఎందుకంటే మూడో రకం తప్పు అక్కడే దాక్కుంటుంది. 7 నిమిషాల దాకా అంతా సరిగ్గా ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా 4 సెకన్ల తేడా వచ్చి, చివరిదాకా ఆ నాలుగే ఉంటే అది ఫ్రేమ్ రేటు తప్పు కాదు. సబ్‌టైటిల్స్ వేశాక ఎవరో ఒక షాట్ కత్తిరించారు. దీనికి రెండు చోట్ల సర్దుబాటు చేస్తే బాగున్న మొదటి భాగం కూడా చెడుతుంది. తేడా మొదలైన వరస నుంచి కిందివన్నీ ఎంచుకుని, వాటిని మాత్రమే 4 సెకన్లు జరపాలి.

సమస్య: టైమింగ్ సరిగ్గానే ఉంది, అయినా చదవడం పూర్తికావడం లేదు

మన జిల్లాల్లో సబ్‌టైటిల్స్ వేసేవాళ్లు అన్నింటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఒడియా మాధ్యమంలో చదువుకున్నవాళ్లు ఇటు చాలామంది. తెలుగు విని వెంటనే అర్థం చేసుకుంటారు, లిపిని మాత్రం నెమ్మదిగా చదువుతారు. విజయవాడ ప్రేక్షకుడికి సరిపోయిన వేగం బరంపురం ప్రేక్షకుడికి సరిపోదు.

దానికి తోడు సాఫ్ట్‌వేర్ చూపించే లెక్క మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. అది అక్షరాలను కాదు, యూనికోడ్ గుర్తులను లెక్కపెడుతుంది. "క్షమించండి" కంటికి నాలుగు అక్షరాలు, దాని లెక్కలో పది. "స్త్రీ" ఒక్క అక్షరం, దాని లెక్కలో ఆరు. స్థూలంగా చూస్తే ఖాళీలతో కలిపి ఒక్కో అక్షరానికి రెండున్నర గుర్తులు పడతాయి. మన ప్రేక్షకులకు సెకనుకు 7 అక్షరాలు హాయిగా సాగుతాయి, అంటే సాఫ్ట్‌వేర్ లెక్కలో సుమారు 18. `Settings`లో `Max. chars/sec` దగ్గర 18 పెట్టుకుంటే, హద్దు దాటిన వరసలు ఎర్రగా కనిపిస్తాయి. తెలుగు బాగా చదివే ఊళ్లకే అయితే ఇంకొంచెం పెంచుకోవచ్చు.

ఇప్పుడు ఒక వాక్యం చూద్దాం. పెద్దాయన 3.4 సెకన్లలో ఒక మాట చెప్పారు. ఉన్నదున్నట్టు అనువదిస్తే ఇలా వస్తుంది:

```
41
00:06:10,200 --> 00:06:13,600
మా నాన్నగారి కాలంలో ఈ వీధిలో ప్రతి ఇంట్లోనూ మగ్గం
ఉండేది, ఇప్పుడు మాత్రం వెతికి చూస్తే తప్ప కనిపించదు.
```

ఇందులో 39 అక్షరాలున్నాయి. సెకనుకు ఏడు చొప్పున ఐదున్నర సెకన్లు కావాలి, మన దగ్గరున్నది 3.4. మాట అయిపోయాక కొంత నిశ్శబ్దం ఉంటే సబ్‌టైటిల్‌ను అర సెకను దాకా పొడిగించవచ్చు. కానీ అక్కడ షాట్ మారుతుంటే పొడిగించకూడదు. కొత్త దృశ్యం మీద పాత వరస నిలిచిపోతే కన్ను దాన్ని మళ్లీ మొదటి నుంచి చదవబోతుంది. ఎలా చూసినా రెండు సెకన్ల లోటు పొడిగింపుతో తీరదు. వాక్యాన్నే తగ్గించాలి:

```
41
00:06:10,200 --> 00:06:13,600
నాన్న కాలంలో ఈ వీధిలో ఇంటింటా మగ్గమే.
ఇప్పుడు వెతకాల్సిందే.
```

ఇది 23 అక్షరాలు, 3.3 సెకన్లు. "ప్రతి ఇంట్లోనూ ఉండేది" అన్నది "ఇంటింటా" అయింది. "వెతికి చూస్తే తప్ప కనిపించదు" అన్నది ఒక్క మాటకు కుదిరింది. విషయం ఏదీ పోలేదు. తగ్గించేటప్పుడు ఊతపదాలు, తెర మీద కనిపిస్తున్నవాటి పేర్లు, రెండోసారి చెప్పిన మాట ముందు తీసేయండి. అంకెలు, పేర్లు, "కాదు" "లేదు"ల జోలికి మాత్రం వెళ్లవద్దు.

కొన్ని వాక్యాలు తగ్గించడానికి వీలుకానంత పొడవుంటాయి. వాటిని రెండు సబ్‌టైటిల్స్‌గా విడగొట్టండి. ఒడియాలోనూ తెలుగులోనూ క్రియ చివరే వస్తుంది కాబట్టి మాటల వరస దాదాపు కలుస్తుంది, ఇది మనకు పెద్ద సౌకర్యం. "రంగు వేసి", "ఎండబెట్టి", "కండెకు చుట్టి" లాంటి మాటల దగ్గర విడగొడితే చదివేవాళ్లకు తెగినట్టు అనిపించదు. "పట్టు" ఒకదానిలో, "దారం" మరోదానిలో పడేలా మాత్రం విడగొట్టకండి.

ఒక సబ్‌టైటిల్ ఎంత చిన్నదైనా సెకను తగ్గకుండా, ఎంత పెద్దదైనా 7 సెకన్లు మించకుండా ఉంచండి. పక్కపక్క సబ్‌టైటిల్స్ మధ్య రెండు ఫ్రేముల ఖాళీ ఉండాలి. 25 ఫ్రేముల వీడియోలో అది 80 మిల్లీసెకన్లు. ఆ ఖాళీ లేకపోతే వరస మారిన సంగతి కంటికి తెలియదు.

సమస్య: వేగం సరిపోయింది, అర్థం మారిపోయింది

ఒడియా వింటూ తెలుగు రాసేటప్పుడు రెండు చోట్ల ఎక్కువగా కాలు జారుతుంది. ఒకటి, రెండు భాషల్లోనూ వినిపించే మాటలు. ఒడియాలో ప్రశ్నకు జవాబుగా వచ్చే "ఆజ్ఞా" గౌరవంగా ఔననడం. దాన్ని "ఆజ్ఞ" అని వదిలేస్తే ఎవరో ఉత్తర్వు ఇచ్చినట్టవుతుంది, "అవునండీ" అనాలి. రెండోది లెక్కలు. "దేఢ శహ" అంటే నూటయాభై, "అఢేయి శహ" అంటే రెండొందల యాభై. ధర, దారం బరువు, రోజులు చెప్పిన ప్రతిచోటా ఆడియోను నెమ్మదిగా పెట్టి మళ్లీ వినండి. అంకెల్ని 150, 250 అని రాస్తే చదవడానికీ తక్కువ సమయం పడుతుంది.

సమస్య: కంప్యూటర్‌లో బాగుంది, వాట్సాప్‌లో సబ్‌టైటిల్సే లేవు

వాట్సాప్‌లో వీడియో ఒక్కటే వెళ్తుంది, పక్కనున్న సబ్‌టైటిల్స్ ఫైలు, అంటే ఎస్ఆర్‌టీ ఫైలు, దానితో కలిసి ఆడదు. యూట్యూబ్‌కు ఆ ఫైలును విడిగా ఎక్కించండి. చేతి నుంచి చేతికి పంపే కాపీలో మాత్రం అక్షరాల్ని వీడియోలోనే అచ్చు వేయాలి. రెండు ఫైళ్లనూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, అక్కడి నుంచే కమాండ్ విండోలో ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఈ ఆదేశం ఇవ్వండి:

```
ffmpeg -i neta.mp4 -vf "subtitles=neta.srt:force_style='FontName=Noto Sans Telugu,FontSize=18,MarginV=18'" -c:a copy neta_te.mp4
```

విండోస్‌లో ఎస్ఆర్‌టీకి `C:` తో మొదలయ్యే పూర్తి దారి ఇస్తే ఆ కోలన్ దగ్గరే ఆదేశం ఆగిపోతుంది, అందుకే ఒకే ఫోల్డర్ అన్నాం. `FontSize` దగ్గరున్న 18 పిక్సెళ్లు కాదు. తెర ఎత్తును 288 భాగాలుగా అనుకుంటే అందులో 18, అంటే పదహారో వంతు. 720 వీడియో అయినా 1080 వీడియో అయినా అక్షరం అదే నిష్పత్తిలో వస్తుంది.

మొత్తం వీడియో తయారుకాక ముందే `-t 60` అని చేర్చి ఒక్క నిమిషం ముక్క తీయండి:

```
ffmpeg -i neta.mp4 -t 60 -vf "subtitles=neta.srt:force_style='FontName=Noto Sans Telugu,FontSize=18,MarginV=18'" -c:a copy test.mp4
```

దాన్ని ఫోన్‌కు పంపి, ఒత్తులున్న రెండు వరసల సబ్‌టైటిల్ దగ్గర ఆపి చూడండి. పై వరసలోని "గ్గ" ఒత్తు కింది వరసలోని గుడికి తగులుతుంటే ఫాంటు మార్చాలి, లేదా ఆ సబ్‌టైటిల్‌ను ఒకే వరసకు కుదించాలి. అడుగు వరస ఒత్తులు తెర అంచుకు ఆనుకుంటే `MarginV` 24 చేయండి. ఒత్తు కిందికి దిగకుండా పక్కనే పొల్లుతో విడివిడిగా కనిపిస్తే, మీ దగ్గరున్న ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో తెలుగు అక్షరాల్ని కూర్చే హార్ఫ్‌బజ్ లేనట్టు. అది కలిపి తయారుచేసిన పూర్తి బిల్డ్ తెచ్చుకుని, అదే నిమిషం ముక్కతో మళ్లీ మొదలుపెట్టండి.