క్రుస్కల్-వాలిస్ తేడా ఉందంటుంది, జంటల్లో మాత్రం కనబడదు: ఎందుకు?

సమస్య ఇలా ఉంటుంది. విలువలను ర్యాంకులుగా మార్చి గ్రూపులను పోల్చే క్రుస్కల్-వాలిస్ పరీక్షను మూడు గ్రూపుల మీద చేస్తే పి-విలువ 0.01 దగ్గర వస్తుంది. ఏ గ్రూపుకు ఏ గ్రూపుకు తేడా ఉందో చూద్దామని రెండేసి గ్రూపులను పోల్చితే ఒక్క జంట పి-విలువ కూడా 0.05 కంటే కిందికి రాదు. వెంటనే చాలామంది డేటాను అనుమానిస్తారు.

అంతకంటే ముందు ఫలితంలో df ఎంతుందో చూడాలి, అది గ్రూపుల సంఖ్య కంటే ఒకటి తక్కువ ఉండాలి. మూడు గ్రూపులకు అది 2 ఉండి తీరాలి. 3 కనబడితే చాలాసార్లు ఎక్సెల్‌లో ఎవరో ఒక గ్రూపు పేరు చివర ఖాళీ వదిలారని, సాఫ్ట్‌వేర్ దాన్ని నాలుగో గ్రూపుగా లెక్కించిందని అర్థం. క్షణంలో తేలిపోయే ఈ సంగతిని వదిలేసి, సిద్ధాంతాన్ని తవ్వుకుంటూ కూర్చునేవారే ఎక్కువ.

df సరిగానే ఉంటే అసలు కారణం సాధారణంగా పోలిక పద్ధతిలోనే ఉంటుంది. ఉదాహరణకు మూడు మందులు చల్లిన వరి మళ్లలో అగ్గితెగులు తీవ్రతను 0–9 స్కేలు మీద, మందుకు 4 మళ్ల చొప్పున నమోదు చేశామనుకుందాం. మొదటి మందుకు 1, 1, 2, 3. రెండోదానికి 3, 4, 5, 5. మూడోదానికి 5, 6, 7, 7 వచ్చాయి. పన్నెండింటినీ కలిపి ర్యాంకులిస్తే, సమానమైన విలువలు తమకు రావలసిన ర్యాంకుల సగటును పంచుకుంటాయి. మూడు 5లు 7, 8, 9 స్థానాల్లో ఉన్నాయి కాబట్టి ఒక్కోదానికి 8 వస్తుంది. మొత్తాలు 10.5, 26.5, 41. చేత్తో లెక్కిస్తే క్రుస్కల్-వాలిస్ H విలువ 8.95, సాఫ్ట్‌వేర్‌లో మాత్రం 9.18. ఇది తప్పు కాదు, సమాన విలువలకు చేసిన సవరణ: ఒక్కో సమాన గుంపులోని విలువల సంఖ్యను t అనుకుని t³−t లెక్కించి కూడితే 42 వస్తుంది, మొత్తం విలువల సంఖ్య N అయితే దాన్ని N³−N అంటే 1716తో భాగించి 1 నుంచి తీసివేస్తే 0.9755, దానితో 8.95ని భాగించాలి. పి-విలువ 0.010.

ఇప్పుడు ఇదే డేటాను, ఒక్కో జంటకు విల్కాక్సన్ పరీక్ష చేసే ఆర్ ఫంక్షన్ `pairwise.wilcox.test`కు ఇస్తే, పోలికలు ఎక్కువైనందుకు పి-విలువలను పెంచే హోల్మ్ సవరణ తరువాత మూడు జంటలకూ 0.085 వస్తుంది, మూడింటికీ ఒకటే అంకె. మొదటి, మూడో మందుల విలువలు ఒకదానితో ఒకటి ఎక్కడా కలవకపోయినా ఫలితం ఇంతే. ఆ పరీక్ష ప్రతి జంటకూ మూడో గ్రూపును పక్కనపెట్టి, మిగిలిన 8 విలువలకే కొత్తగా ర్యాంకులిస్తుంది. ఎనిమిదింటి నుంచి నాలుగింటిని ఎంచుకునే మార్గాలు 70, కాబట్టి రెండు వైపులా చూసే పరీక్షలో వీలైన అతి చిన్న పి-విలువ 2/70, అంటే 0.029. మూడు పోలికలకు సవరించి మూడుతో గుణిస్తే 0.086. డేటా ఎంత స్పష్టంగా విడిపోయినా అంతకంటే కిందికి దిగడానికి దారే లేదు. (సమాన విలువలున్నందువల్ల ఆర్ ఇక్కడ ఉజ్జాయింపు లెక్క వేస్తుంది, అందుకే 0.085.) గ్రూపుకు 5 విలువలుంటే కనిష్ఠం 2/252, మూడు జంటలకు అది చాలు, ఐదు గ్రూపులుంటే పది జంటలకు అదీ చాలదు.

పరిష్కారం డన్ పరీక్ష. ఇది క్రుస్కల్-వాలిస్ ఇచ్చిన ఉమ్మడి ర్యాంకులనే వాడుకుంటుంది, సమాన విలువల సవరణనూ తనలో కలుపుకుంటుంది.

```r
kruskal.test(score ~ mandu, data = d)
FSA::dunnTest(score ~ mandu, data = d, method = "holm")
```

మన డేటాలో మొదటి, మూడో మందుల సగటు ర్యాంకులు 2.625, 10.25, z విలువ 3.03, సవరించిన పి-విలువ 0.007. మిగిలిన రెండు జంటలూ తేలవు. సవరణకు ముందు విల్కాక్సన్‌లో 0.04 వచ్చిన మొదటి, రెండో మందుల జంటకు ఇక్కడ సవరణకు ముందే 0.11 వస్తుంది, కాబట్టి డన్ అన్నివేళలా ఉదారమైన పరీక్ష అనుకోరాదు. ఉమ్మడి ర్యాంకుల వల్ల రెండు మందుల మధ్య పోలిక మీద మూడో మందు ప్రభావం కూడా పడుతుందని గుర్తుంచుకోవాలి. `dunn.test` ప్యాకేజీ వాడేవారు మరో మాట గమనించాలి: అది మామూలుగా ఒక వైపు పి-విలువ చూపిస్తుంది కాబట్టి దాన్ని 0.05తో కాక 0.025తో పోల్చాలి.

గ్రూపుల విస్తృతి, ఆకారం బాగా వేరుగా ఉంటే ఫలితాన్ని మధ్యగతాల తేడాగా రాయకూడదు, అంతే. మళ్లను బ్లాకులుగా విభజించి ఉంటే మాత్రం ఈ పరీక్షే సరికాదు, ఫ్రీడ్‌మన్ పరీక్ష చేయాలి.