స్లీపోవర్‌లో రాత్రి పదిన్నరకు మొదలయ్యే కడుపునొప్పి: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

మా అమ్మాయికి పదేళ్లు నిండిన సంవత్సరంలో, బెంగళూరు మారతహళ్లిలోని మా ఫ్లాట్‌లో మూడుసార్లు స్లీపోవర్ ఏర్పాటు చేశాము, అంటే తన స్నేహితులు వచ్చి రాత్రికి మా ఇంట్లోనే పడుకున్నారు. ప్రతిసారీ మా అమ్మాయి కాక నలుగురు పిల్లలు వచ్చారు. రెండు పడక గదుల ఇంట్లో, ఒక్క పెద్ద మనిషి గమనించగలిగే సంఖ్య అంతే. మొదటిసారి ఒక పాప నిద్రపోలేక అర్ధరాత్రి ముందు ఇంటికి వెళ్లిపోయింది. ఆ రాత్రి జరిగిన పొరపాట్లను తరువాతి రెండుసార్లు సరిదిద్దుకుంటూ వచ్చినప్పుడు నాకు అర్థమైనది ఇది: పిల్లలకు బెంగ పుట్టేది ఆటల మధ్యలో కాదు, దీపాలు ఆర్పిన క్షణానికీ నిద్ర పట్టే క్షణానికీ మధ్య ఉన్న ఖాళీలో. ఆ ఖాళీ ఎంత పొడవుగా ఉంటే బెంగ అంత పెరుగుతుంది. అందువల్ల సాయంత్రం నుండి చేసే ఏర్పాట్లన్నీ దానిని తగ్గించేవిగా ఉండాలి.

సమస్య: దీపాలు ఆర్పిన తరువాత ఒకరికి కడుపునొప్పి వస్తుంది

లక్షణాలు దాదాపు ఒకే విధంగా ఉంటాయి. అప్పటివరకు నవ్వుతూ ఆడిన పాప మాటలు తగ్గిస్తుంది, రెండుసార్లు మంచినీళ్లు అడుగుతుంది, బాత్‌రూమ్‌కు వెళ్లి వస్తుంది, చివరికి గుమ్మం దగ్గర నిలబడి "ఆంటీ, కడుపు నొప్పిగా ఉంది" అంటుంది. అమ్మ గుర్తుకు వస్తున్నదని స్నేహితుల ముందు చెప్పడానికి పదేళ్ల పిల్లలకు సిగ్గు. కడుపునొప్పి అని చెప్పడానికి సిగ్గు ఉండదు. అది అబద్ధం కూడా కాదు, బెంగకు కడుపులో నిజంగానే నొప్పి పుడుతుంది.

కారణం మన ఇళ్లలోనే ఉంది. మన పిల్లల్లో చాలామంది పదేళ్లు వచ్చినా అమ్మ పక్కనో, అమ్మమ్మ పక్కనో పడుకుంటారు. వారికి కొత్తది మరొకరి ఇల్లు మాత్రమే కాదు, పక్కన పెద్దవారు లేకుండా నిద్రపోవడం కూడా కొత్తే. కాబట్టి పిల్లలను పిలిచేటప్పుడే వారి తల్లులను "పాప రాత్రి ఎవరి పక్కన పడుకుంటుంది?" అని అడగడం మంచిది. ఆ ఒక్క సమాధానంతో ఆ రాత్రి ఎవరిని కాస్త ఎక్కువగా గమనించాలో తెలిసిపోతుంది.

పరిష్కారానికి ముందు అది జబ్బు కాదని నిర్ధారించుకోవాలి. జ్వరం, వాంతులు, కడుపు కుడివైపు కింద నొప్పి, నడిస్తే లేదా గెంతితే ఎక్కువయ్యే నొప్పి, గాఢనిద్రలోంచి లేపిన నొప్పి, వీటిలో ఏది ఉన్నా వెంటనే తల్లిదండ్రులకు ఫోన్ చేసి వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. వారిని అడగకుండా ఏ మాత్రా ఇవ్వకూడదు. బెంగ వల్ల వచ్చే నొప్పి సాధారణంగా బొడ్డు చుట్టూ ఉండి, మాటల్లో పడితే తగ్గుతుంది.

మొదటిసారి మా ఇంట్లో పాప కడుపునొప్పి అన్న వెంటనే నేను కంగారుపడి వాళ్ల అమ్మకు వీడియో కాల్ చేసి ఫోన్ చేతికి ఇచ్చాను. అంతవరకు ఏడవని పాప అమ్మ ముఖం చూడగానే వెక్కివెక్కి ఏడ్చింది, అటు తల్లి కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. ఆ తరువాత ఆ పాపను నిద్రపుచ్చడం ఎవరి వల్లా కాలేదు.

రెండవసారి మరొక పాప అదే మాటతో వచ్చినప్పుడు తనను వంటింట్లోకి తీసుకువెళ్లి, స్టూలు మీద కూర్చోబెట్టి, గోరువెచ్చని నీళ్లు ఇచ్చాను. "ఏడవకు" అనలేదు, "ఏమీ కాదులే" అని కొట్టిపారేయలేదు. "కొత్త చోట పడుకుంటే బెంగగానే ఉంటుందమ్మా. నీకు ఇప్పుడు అమ్మ గుర్తొస్తోందా?" అని అడిగాను. పాప తల ఊపి, చాలాసేపు తన ఇంటి కుక్కపిల్ల గురించి చెప్పింది. నేను ఉదయం చట్నీకి వేయించిన శనగపప్పు డబ్బాలోకి పోయమని ఇచ్చాను, చేతికి చిన్న పని దొరికితే ఊపిరి తానే నెమ్మదిస్తుంది. ఈలోగా వాళ్ల అమ్మకు నేను సందేశం పంపి, పాప నిద్రపోయాక మళ్లీ తెలియజేస్తానన్నాను. తరువాత పాప పరుపును నా గది గుమ్మం దగ్గరికి జరిపి, ఇంటి నుండి తెచ్చుకున్న అమ్మ చున్నీని దిండు మీద పరిచి, బాత్‌రూమ్ దీపం వెలిగించి ఉంచాను. కాసేపటికే పాప నిద్రపోయింది.

అరగంట గడిచినా ఏడుపు ఆగకపోతే పట్టుదలకు పోకూడదు. ముందు పెద్దవాళ్లు మాట్లాడుకుని, తరువాత పాపకు ఫోన్ ఇవ్వాలి, వీడియో లేకుండా. రమ్మంటే వచ్చి తీసుకువెళ్లగలిగే దూరంలో తల్లిదండ్రులు ఉంటారో లేదో ముందే తెలుసుకోవాలి. మా అపార్ట్‌మెంట్‌లో లాగా గేటు దగ్గర అనుమతి ఉంటే తప్ప లోపలికి పంపని చోట, ఆ రాత్రికి వారి పేరు, బండి నంబరు సాయంత్రమే నమోదు చేయించాలి. పాప వెళ్లిపోతే మిగిలిన పిల్లలకు "రేపు పొద్దున టిఫిన్‌కు వస్తుంది" అని మాత్రమే చెప్పి, నిజంగానే ఉదయం ఎనిమిదింటికి రమ్మనాలి. మొదటిసారి వెళ్లిపోయిన పాప అలా వచ్చి దోసెలు తిన్నది, మూడవసారి రాత్రంతా ఉండగలిగింది.

సమస్య: పదకొండు దాటినా ఎవరికీ నిద్ర రాదు

దీనికి కారణం సాధారణంగా భోజనమూ ఆటల వరుసా. మొదటిసారి మేము తొమ్మిదిన్నరకు పిజ్జా, కోలా తెప్పించాము. కోలాలో కెఫీన్ ఉంటుంది, ఉప్పు ఎక్కువైన తిండికి దాహం వేస్తుంది, నిండిన కడుపుతో పడుకున్నవారికి ఆయాసం. ఇప్పుడు ఏడున్నరకే భోజనం ముగిస్తాము. పిల్లలే గరిటె పట్టి చిన్న చిన్న దోసెలు పోసుకుంటారు (పెనం దగ్గర నేను నిలబడే ఉంటాను), చివర పెరుగన్నం. వంటే వారికి ఆట కూడా అవుతుంది. పల్లీలు పడనివారు, గుడ్డు తిననివారు, ఉల్లి, వెల్లుల్లి తిననివారు ఎవరో ముందే అడగాలి. పల్లీ చట్నీ మనకు అలవాటైపోయి, అందులో పల్లీలు ఉన్నాయన్న సంగతే గుర్తు రాదు. బేకరీ కేకు తెప్పిస్తే గుడ్డు విషయం విడిగా అడగాలి.

గెంతే ఆటలు భోజనానికి ముందే అయిపోవాలి. తరువాత క్యారమ్స్, అష్టాచెమ్మా, తొమ్మిదిన్నర నుండి పరుపుల మీదే అంత్యాక్షరి. దయ్యాల కథలు నేను ఒప్పుకోను. చెప్పేటప్పుడు అందరూ నవ్వుతారు, దీపం ఆర్పాక ఒకరికి అవే గుర్తుకొస్తాయి. రాత్రి పది తరువాత శబ్దం తగ్గించాలన్నది చట్టంలోనూ ఉన్నదే. కింది అంతస్తు వారికి ముందు రోజే చెప్పి ఉంచితే ఆ పూట మాట పడకుండా ఉంటుంది.

సమస్య: నియమాలు చెప్పినా వినరు

తప్పు జరిగాక చెప్పిన నియమం పిల్లలకు తిట్టులా వినిపిస్తుంది. అందుకే వచ్చిన పది నిమిషాల్లో, అందరినీ కూర్చోబెట్టి నాలుగే చెబుతాను: ఫోన్లు తొమ్మిదికి బుట్టలో పెట్టాలి, బాల్కనీ తలుపు తీయకూడదు, పడుకున్నవారిని లేపకూడదు, నన్ను మాత్రం ఏ వేళలోనైనా లేపవచ్చు. నాలుగవది చెప్పేటప్పుడు మా గది తలుపు దగ్గరికి తీసుకువెళ్లి చూపిస్తాను, చీకట్లో వెతుక్కోవలసిన అవసరం లేకుండా. నన్ను లేపవచ్చన్న సంగతి తెలియని పాప రాత్రంతా దుప్పటి కప్పుకుని ఏడ్చినా మనకు తెలియదు.

ఉదయం తల్లి వచ్చినప్పుడు రాత్రి ఏం జరిగిందో పాప లేని చోట ఉన్నది ఉన్నట్టు చెప్పాలి: ఎన్నింటికి లేచింది, ఏం చెప్పింది, దేనితో కుదుటపడింది. వంటింట్లో స్టూలు, అమ్మ చున్నీ, వెలిగించి ఉంచిన దీపం, ఇవి తెలిస్తే వచ్చేసారి ఆ పాపను పిలిచే ఇంటివారికి ఆ తల్లే ముందుగా చెప్పగలుగుతుంది.