బ్రోకర్ స్టేట్‌మెంట్ చూసి రిటర్ను నింపే ముందు జాగ్రత్తలు

1. మొదట చివరి పేజీలోని మొత్తం లాభం అంకెను పక్కన పెట్టి, ఇంట్రాడే, డెలివరీ పట్టికలను విడివిడిగా చూడండి. కొన్న రోజే అమ్మేసినవి ఇంట్రాడే కిందికి వస్తాయి. వాటి ఫలితం స్పెక్యులేటివ్ వ్యాపార ఆదాయం, దానికి శ్లాబు రేటు వర్తిస్తుంది. డీమ్యాట్ ఖాతాలోకి వచ్చిన షేర్లను అమ్మితే వచ్చేది మూలధన లాభం.

2. ఒకదాని నష్టాన్ని మరొకదాని లాభంలోంచి తీసివేయకండి. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఉదాహరణకు, జీతంతోనే పన్ను పరిధిలోకి వచ్చిన ఒకరికి, ఏడాదిలోపు అమ్మిన డెలివరీ షేర్లపై 40,000 రూపాయల లాభం, ఇంట్రాడేలో 25,000 నష్టం వచ్చాయనుకుందాం. స్టేట్‌మెంట్ నికరంగా 15,000 చూపినా, పన్ను మాత్రం 40,000 మీదే 20 శాతం చొప్పున 8,000 రూపాయలు, దానిపై 4 శాతం సెస్సు 320 రూపాయలు పడతాయి. మిగిలిన 25,000 నష్టం, గడువులోగా రిటర్ను వేస్తేనే, వచ్చే నాలుగేళ్లలో స్పెక్యులేటివ్ లాభంతో మాత్రమే సర్దుబాటవుతుంది.

3. ఛార్జీల వరుసలో షేర్ల లావాదేవీలపై పడే పన్ను, అంటే `STT`, ఎంతో విడిగా రాసుకోండి. ఇంట్రాడేలో దాన్ని ఖర్చుగా చూపవచ్చు. డెలివరీలో కుదరదు, కాబట్టి స్టేట్‌మెంట్ దాన్ని ముందే తగ్గించి ఉంటే తిరిగి కలపాలి.

4. ఇంట్రాడే ఒక్కటి ఉన్నా ఫారం `ITR-2` సరిపోదు, `ITR-3` ఎంచుకోవాలి. నష్టమే కదా అని వదిలేయడం కుదరదు.